మన బ్రాండ్ మీద పుకారు లేస్తే కొన్ని వాక్యాల్లో జవాబు ఎలా రాయాలి: బియ్యం మిల్లులు, బియ్యం అంగళ్లవారు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బియ్యం బ్రాండ్ నడిపేవారికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పుకారు ‘ప్లాస్టిక్ బియ్యం’. 2017 జూన్‌లో హైదరాబాదులో ఇది పెద్దఎత్తున లేచింది. అప్పట్నుంచి అప్పుడప్పుడు ఏదో ఒక బస్తా బొమ్మ తగిలించుకుని మళ్లీ తిరుగుతూనే ఉంది. ఈ పేజీలో ఆ ఒక్క పుకారునే ఉదాహరణగా తీసుకున్నాం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద, వాట్సాప్‌లో పంపే ఫోటో కింద పెట్టే చిన్న క్యాప్షన్‌ను ఎలా రాయాలో మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

ఉదాహరణ ఇలా అనుకుందాం. కోవూరు దగ్గర ఒక రైస్ మిల్లు. సొంత బ్రాండ్ పేరుతో 26 కిలోల బస్తాలు అమ్ముతుంది. కావలి వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో మొదలైంది. అందులో ముందు ఆ బ్రాండ్ బస్తా కనిపిస్తుంది, తర్వాత ఎవరో అన్నం ముద్ద చేసి బండ మీద కొడితే అది బంతిలా ఎగురుతుంది. ‘చూశారా, ప్లాస్టిక్’ అని వెనక నుంచి గొంతు వినిపిస్తుంది. రెండో రోజుకు ఒంగోలు డీలరు ఫోన్ చేశాడు.

పుకారు కనిపించగానే క్యాప్షన్ పెట్టేయాలా?

అన్నిసార్లూ అక్కర్లేదు. వీడియో ఒకే ఒక్క గ్రూపులో ఉంటే ఆ గ్రూపులోనే, అడిగిన మనిషికే జవాబు ఇవ్వండి. మీ పేజీలో పెడితే ఆ మాట వినని వేలమందికి మీరే వినిపించినట్టవుతుంది. ఒకరికొకరు సంబంధం లేని రెండు ఊళ్ల నుంచి అంగడివాళ్లు అడుగుతున్నారంటే, లేదా కొనేవాళ్లు బస్తా వెనక్కి తెచ్చి ఇస్తున్నారంటే అప్పుడు బహిరంగంగా జవాబు చెప్పాలి. పై ఉదాహరణలో కావలిలో మొదలైనది ఒంగోలుకు చేరింది కాబట్టి ఇక ఆగకూడదు.

రాయడానికి కూర్చునే ముందు ఏం చూసుకోవాలి?

క్యాప్షన్ రాయడానికి పది నిమిషాలు చాలు. దాని ముందు జరిగే పరిశీలనకే సగం రోజు పడుతుంది, ఆ సగం రోజు ఇవ్వాల్సిందే. చూడాల్సినవి మూడు.

మొదటిది వీడియో. పూర్తి నిడివి వీడియో సంపాదించండి, మీకు ఫార్వర్డ్ అయిన ముక్క ఒక్కటే చూసి రాయకండి. బస్తా కనిపించే చోట ఆపి, బ్యాచ్ నంబరు, ప్యాకింగ్ తేదీ చదవడానికి వీలవుతుందేమో చూడండి. బస్తా కనిపించే దృశ్యం, ముద్ద ఎగిరే దృశ్యం ఒకే షాట్‌లో ఉన్నాయా, మధ్యలో కోత ఉందా? వెనక గోడ, నేల, వెలుతురు మారితే కోత ఉన్నట్టే. ముద్ద ఎగిరే దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్‌లో బొమ్మతో వెతికితే అదే దృశ్యం ఇదివరకే వేరే పేరుతో తిరిగిందో లేదో కొన్నిసార్లు తెలుస్తుంది.

రెండోది ఆ బ్యాచ్. మీ దగ్గర దాచిన శాంపిల్ ఉంటే తీయండి. లేకపోతే అదే బ్యాచ్ బస్తా ఏ అంగట్లో ఉందో కనుక్కుని, కుట్టు విప్పని బస్తా ఒకటి వెనక్కి తెప్పించండి. దాన్ని వండి చూడండి.

మూడోది మీ మిల్లు. దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు. కొన్నేళ్లుగా రేషన్ బియ్యంలో, బడి భోజనం బియ్యంలో ఫోర్టిఫైడ్ గింజలు కలుపుతూ వచ్చారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, మిషన్‌లో బియ్యపు గింజ ఆకారంలోకి ఒత్తి చేసే గింజలు అవి. వంద కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో కలుపుతారు. ప్రభుత్వానికి వడ్లు ఆడించి ఇచ్చే మిల్లు, అంటే సీఎంఆర్ చేసే మిల్లు, మీదైతే ఆ గింజలు కలిపే యంత్రం మీ ఆవరణలోనే ఉండవచ్చు. గొట్టాలు, గోతాలు సరిగా ఊడ్చకపోతే నాలుగు గింజలు మీ సొంత బ్రాండ్ బస్తాలోకి జారే వీలుంది. కాబట్టి ‘మా బస్తాలో వేరే గింజ ఒక్కటి కూడా ఉండదు’ అని రాసే ముందు మిల్లు ఫోర్‌మ్యాన్‌ను అడగండి. ఆయన తడబడితే ఆ వాక్యం రాయకండి.

మా బస్తాలో నిజంగానే ఫోర్టిఫైడ్ గింజలు కనిపిస్తే?

అప్పుడు పుకారులో ఒక పొర నిజం ఉన్నట్టే. జనం చూసిన గింజ నిజం, దానికి పెట్టిన పేరు తప్పు. ఈ రెండింటినీ విడదీసి చెప్పాలి. ఈ గింజలు ఒత్తిడితో తయారవడం వల్ల లోపల గాలి సందులు ఉండి కొన్ని నీళ్లలో తేలతాయి. అన్నీ దాదాపు ఒకే కొలతలో, కాస్త పసుపుగానో మసక తెలుపుగానో ఉంటాయి. బియ్యం కడిగేటప్పుడు తేలిన గింజను చూసి ఇల్లాలు కంగారు పడిందంటే తప్పు ఆమెది కాదు, ఆమెకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ఇలా రాయవచ్చు:

‘ఈ బ్యాచ్‌లో తేలుతూ కనిపించినవి ఫోర్టిఫైడ్ బియ్యపు గింజలు. బియ్యప్పిండికి ఇనుము, విటమిన్లు చేర్చి చేసినవి, ప్లాస్టిక్ కాదు. మా మిల్లులో వేరే ఆర్డరు కోసం వాడే ఈ గింజలు ఈ బస్తాల్లోకి రాకూడదు. వచ్చాయి, అది మా పొరపాటు. ఈ బ్యాచ్ బస్తా ఏ అంగట్లో కొన్నా మార్చి ఇస్తారు.’

‘అది మా పొరపాటు’ అనే మాట తీసేయాలని ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు. తీయకండి. రేపు ఇంకెవరో అదే గింజను ఫోటో తీసి పెట్టినప్పుడు మీ క్యాప్షన్ నిలబడేది ఆ మాట వల్లే.

ఇక్కడి నుంచి కింద చెప్పేదంతా, పరిశీలనలో మీ బియ్యం మామూలు బియ్యమే అని తేలిన సందర్భానికి.

మొదటి లైన్‌లో ఏం రాయాలి?

మీ బస్తాలో ఏముందో అది రాయండి. పుకారును మొదట పెట్టకూడదు, ఖండించడం కూడా మొదట పెట్టకూడదు. ఎక్కువ మంది ఇలా మొదలుపెడతారు:

‘మా బ్రాండ్ ప్లాస్టిక్ బియ్యం అంటూ వస్తున్న వార్తలు పూర్తిగా అవాస్తవం!!! 30 ఏళ్లుగా మీ నమ్మకమే మా బలం. దుష్ప్రచారం చేసేవారిపై కఠిన చర్యలు తప్పవు. #ప్లాస్టిక్‌బియ్యం’

ఇందులో తప్పులు చూడండి. వేలితో తెరను పైకి నెట్టుకుంటూ పోయే మనిషి కంటికి తగిలేది ‘మా బ్రాండ్ ప్లాస్టిక్ బియ్యం’ అన్న మూడు నాలుగు మాటలే. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ‘అవాస్తవం’ అన్న మాట చేరేలోపే చూపు జారిపోతుంది. ఇంగ్లీషులో ‘కాదు’ అనే మాట ముందే వస్తుంది, మనకు ఆ సౌకర్యం లేదు. అందుకే తెలుగు క్యాప్షన్‌లో మొదటి లైను ఉన్నది చెప్పే వాక్యంగానే ఉండాలి. ఆపైన ‘వార్తలు’ అని రాయడం వల్ల ఎవరో తీసిన వీడియోకు వార్త అనే హోదా మనమే ఇచ్చాం. ‘వీడియో’ అనండి, ‘మెసేజ్’ అనండి. ఆ హ్యాష్‌ట్యాగ్ అయితే, ప్లాస్టిక్ బియ్యం గురించి వెతికేవాళ్లందరికీ మీ బస్తా బొమ్మ చూపిస్తుంది. ముప్పై ఏళ్ల నమ్మకం మంచిదే, కానీ బస్తాలో ఏముంది అన్న ప్రశ్నకు అది జవాబు కాదు.

మన ఉదాహరణకు సరైన మొదటి లైను: ‘మా 26 కిలోల బస్తాలో ఉన్నది వడ్లు ఆడించి తీసిన బియ్యమే.’

ముందు దీన్ని ‘నెల్లూరు మసూరి బియ్యమే’ అని రాయాలనిపిస్తుంది. ఆగి అడగండి: ఆ బ్యాచ్‌లో ఆడించిన వడ్లన్నీ ఎన్ఎల్ఆర్ 34449 రకమేనా, లేక ఏ రైతు లాటులోనైనా బీపీటీ కలిసిందా? కలిసి ఉంటే రకం పేరు రాయకండి. ప్లాస్టిక్ మాటకు జవాబు చెప్పబోయి రకం విషయంలో దొరికిపోతారు. ‘100 శాతం స్వచ్ఛం’ కూడా అంతే. ఒక్క రాయి కనిపించినా ఆ మాట అబద్ధమైపోతుంది.

పుకారును అసలు ప్రస్తావించకుండా వదిలేస్తే?

అలా చేస్తే చదివేవాడికి మీరు దేనికి జవాబు చెబుతున్నారో తెలియదు. మామూలు ప్రకటన అనుకుని వెళ్లిపోతాడు. ఒక్కసారి ప్రస్తావించండి, రెండో వాక్యంలో. విన్న మాటే మళ్లీ మళ్లీ వింటే అది నిజమనిపిస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు 1977లోనే ప్రయోగం చేసి చూపించారు. అందుకే ఒక్కసారి చాలు, అది కూడా వీడియోలో ఏం కనిపిస్తోందో వర్ణిస్తూ చెప్పాలి: ‘ఈ బస్తాతో తిరుగుతున్న వీడియోలో అన్నం ముద్ద ఎగురుతోంది కాబట్టి ప్లాస్టిక్ అంటున్నారు. అది నిజం కాదు.’

‘అబద్ధం’ అనకుండా ‘నిజం కాదు’ అన్నాం. అబద్ధం అంటే ఎవరో కావాలని ఆడారని అర్థం వస్తుంది. ఆ వీడియోను ఫార్వర్డ్ చేసినవాళ్లలో చాలామంది మీ బియ్యం కొనేవాళ్లే, భయపడి పంపినవాళ్లే. వాళ్లను అబద్ధాలకోరులు అనే హక్కు మనకు లేదు.

ముద్ద ఎగరడం నిజమే కదా, దాన్ని ఎలా వివరించాలి?

క్యాప్షన్‌లో కష్టమైన వాక్యం ఇదే, మొత్తం బరువు మోసేదీ ఇదే. జనం కళ్లతో చూసినదాన్ని ‘ఫేక్’ అనేస్తే నమ్మరు, ఎందుకంటే ముద్ద నిజంగానే ఎగిరింది. ఎందుకు ఎగిరిందో చెబితే నమ్ముతారు.

కారణం ఇది. బియ్యంలో ఎక్కువ భాగం పిండి పదార్థం. వండినప్పుడు అది నీళ్లు పీల్చి ఉబ్బి జిగురు అవుతుంది. మెత్తటి అన్నాన్ని చేత్తో గట్టిగా నొక్కితే మెతుకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, వాటి మధ్య గాలి చిక్కుకుంటుంది. అలాంటి ముద్ద నేలకు తగిలినప్పుడు నొక్కుకుని మళ్లీ పైకి లేస్తుంది. కొత్త బియ్యంలో ఈ జిగురు ఎక్కువ, పాత బియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది. ఈ తేడా మన వంటింట్లో అందరికీ తెలిసిందే, అందుకే వాడుకోవడానికి పనికొస్తుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ‘ఏ బియ్యం ముద్దైనా ఎగురుతుంది’ అని రాయడం. చదివినవాళ్లలో ఒకరు ఇంట్లో ఉన్న రెండేళ్ల పాత బియ్యం వండి, ముద్ద చేసి కొడతారు. అది పగిలి చెల్లాచెదురవుతుంది. ‘మా బియ్యం ఎగరలేదు, మీదే ఎగిరింది’ అని మీ పోస్టు కిందే వీడియో పెడతారు. అప్పుడు పుకారుకు మీరే సాక్ష్యం ఇచ్చినవారవుతారు. కాబట్టి హద్దు కట్టి రాయండి: ‘కొత్త బియ్యాన్ని మెత్తగా వండి గట్టిగా నొక్కితే మెతుకులు జిగురుగా అతుక్కుని, మధ్యలో గాలి చిక్కి, ముద్ద ఎగురుతుంది.’ ఇంట్లో ఎవరు చేసి చూసినా నిలబడే వాక్యం ఇది. పోస్టు పెట్టే ముందు మీరే మీ బియ్యంతో, ఇంకో బ్రాండ్ కొత్త బియ్యంతో చేసి చూడండి. ఎగరకపోతే వాక్యం మార్చండి.

మొత్తం క్యాప్షన్ ఎలా ఉంటుంది?

‘మా 26 కిలోల బస్తాలో ఉన్నది వడ్లు ఆడించి తీసిన బియ్యమే.

ఈ బస్తాతో తిరుగుతున్న వీడియోలో అన్నం ముద్ద ఎగురుతోంది కాబట్టి ప్లాస్టిక్ అంటున్నారు. అది నిజం కాదు. కొత్త బియ్యాన్ని మెత్తగా వండి గట్టిగా నొక్కితే మెతుకులు జిగురుగా అతుక్కుని, మధ్యలో గాలి చిక్కి, ముద్ద ఎగురుతుంది. మీ ఇంట్లో ఏ కొత్త బియ్యంతోనైనా చేసి చూడండి.

వీడియోలో కనిపించిన బ్యాచ్ బియ్యాన్ని ఏప్రిల్ 8న ల్యాబ్‌కు పంపాం. రిపోర్టు రాగానే మొత్తం ఇక్కడే పెడతాం. మీ బస్తా మీద అనుమానం ఉంటే బ్యాచ్ నంబరు ఫోటో తీసి బస్తా మీదున్న నంబరుకు వాట్సాప్ చేయండి.

ఏప్రిల్ 9, ఉదయం 10 గంటలు.’

చివరి తేదీ, సమయం అలంకారం కాదు. ఈ మెసేజ్ మూడు నెలల తర్వాత కూడా తిరుగుతుంది, అప్పటికి రిపోర్టు వచ్చి ఉంటుంది. తేదీ లేకపోతే ‘ఇంకా రిపోర్టు రాలేదంట’ అని కొత్త మాట పుడుతుంది.

నీళ్లలో వేసి, నిప్పులో పెట్టి చూపించే వీడియో జత చేయవచ్చా?

నీళ్ల పరీక్ష వద్దు. పాలిథీన్ తేలుతుంది, మంచి బియ్యం మునుగుతుంది, అంతవరకు నిజమే. కానీ పుచ్చిన గింజ, తాలు, ఊక ముక్క కూడా తేలతాయి, పీవీసీ లాంటి ప్లాస్టిక్ మునుగుతుంది. మీ వీడియోలో అన్నీ మునిగినా చూసేవాడి ఇంట్లో నాలుగు తేలతాయి.

అయోడిన్ పరీక్ష కొంత మేలు. ఉడికిన మెతుకు మీద మందుల షాపులో దొరికే అయోడిన్ మందును నీళ్లలో కలిపి ఒక చుక్క వేస్తే ముదురు నీలం రంగుకు మారుతుంది. పాలిథీన్ ముక్క మీద వేస్తే ఆ మార్పు రాదు. అయితే ఇది పిండి పదార్థం ఉందని చూపిస్తుంది, ఇంకేమీ కలవలేదని చూపించదు. ఫోర్టిఫైడ్ గింజ కూడా బియ్యప్పిండే కాబట్టి నీలంగానే మారుతుంది. జత చేస్తే ‘మెతుకులో పిండి పదార్థం ఉంది’ అని మాత్రమే రాయండి.

ల్యాబ్ రిపోర్టు వచ్చాక ఏం రాయాలి?

రిపోర్టు మీరిచ్చిన శాంపిల్ గురించే మాట్లాడుతుంది, మీ బ్రాండ్ మొత్తం గురించి కాదు. ‘ల్యాబ్ మా బ్రాండ్‌కు క్లీన్ చిట్ ఇచ్చింది’ అని రాయకూడదు. ‘ఫలానా బ్యాచ్ నుంచి తీసిన శాంపిల్‌లో ప్లాస్టిక్ కనబడలేదు’ అని రాయండి. అందుకే శాంపిల్ తీసేటప్పుడే కుట్టు విప్పని బస్తా, దాని మీద నంబరు, విప్పడం, సీలు వేయడం అన్నీ ఆగకుండా ఒకే వీడియోగా తీసి ఉంచండి.

ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు పంపండి. గుర్తింపు ల్యాబ్ మొత్తానికి ఇచ్చేది కాదు, ఏయే పరీక్షలకు ఉందో అడిగి తెలుసుకోండి. మామూలు బియ్యం నాణ్యత పరీక్ష అడిగితే తేమ, నూకలు, రంగు మారిన గింజల లెక్క వస్తుంది, ప్లాస్టిక్ గురించి ఒక్క మాట ఉండదు. ప్లాస్టిక్ లాంటి పాలిమర్‌ను గుర్తించే ఎఫ్‌టీఐఆర్ పరీక్ష కావాలని స్పష్టంగా చెప్పాలి.

కొనేవాళ్లే పరీక్ష చేయించుకుంటామంటే అడ్డు చెప్పకండి. 2006 ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ కింద కొన్నవారికి ఆ హక్కు ఉంది. నిజానికి ఆ మాట మీ క్యాప్షన్ కింద కామెంట్‌లో మీరే చెబితే బాగుంటుంది.

క్యాప్షన్ ఎంత పొడవు ఉండాలి?

ఇన్‌స్టాగ్రామ్ 2,200 అక్షరాల వరకు ఒప్పుకుంటుంది, కానీ మూసి ఉన్నప్పుడు సుమారు 125 అక్షరాలే కనిపిస్తాయి. తెలుగులో ఆ లెక్క త్వరగా అయిపోతుంది. ‘బియ్యం’ మన కంటికి రెండు అక్షరాలు. కంప్యూటర్‌కు గుడి, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొచ్చి ఆరవుతాయి. మన మొదటి లైను ఖాళీలతో సహా 54, అంటే హాయిగా పడుతుంది. దానికి ముందు ‘మా ప్రియమైన వినియోగదారులకు విజ్ఞప్తి’ అని తగిలిస్తే అసలు మాట మడతలోకి పోయే ప్రమాదం ఉంది.

ఫోటో ఏది పెట్టాలి?

పుకారు వీడియో స్క్రీన్‌షాట్ పెట్టకండి. దాని మీద ఎర్రటి ఇంటూ గుర్తు గీసినా, ఎవరో ఆ గుర్తు కత్తిరించి మళ్లీ పంపుతారు. మీ బస్తా బొమ్మ మీద మొదటి లైను, తేదీ పెద్ద అక్షరాల్లో పెట్టండి. వాట్సాప్‌లో ఫోటో ఫార్వర్డ్ చేసేటప్పుడు క్యాప్షన్ తీసేసే వీలుంది. క్యాప్షన్ ఊడిపోయినా బొమ్మ మీద అసలు మాట మిగలాలి.

కేసు పెడతామని హెచ్చరించాలా?

పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, క్యాప్షన్‌లో మాత్రం ఆ మాట వద్దు. బెదిరింపు కనిపించగానే చదివేవాడి మనసు బియ్యం మీద నుంచి గొడవ మీదకు పోతుంది. పోటీ మిల్లు పని అని మీకు అనుమానం ఉన్నా ఆ పేరు రాయకండి. రుజువు చేయలేకపోతే పరువునష్టం దావా ఎదుర్కోవాల్సింది మీరే.

పోస్టు పెట్టాక తప్పు కనిపిస్తే?

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో దిద్దవచ్చు. దిద్దినప్పుడు కింద ‘ఏప్రిల్ 10న సవరించాం: బ్యాచ్ నంబరు తప్పు పడింది’ అని ఏం మార్చారో రాయండి. వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌ను పదిహేను నిమిషాల లోపే దిద్దగలం, అప్పటికే ఫార్వర్డ్ అయిన కాపీలు మారవు. అందుకని మొదట పేజీలో పెట్టండి. ఇద్దరు డీలర్లకు ఫోన్‌లో చదివి వినిపించి, ‘దీన్నిబట్టి మీకేం అర్థమైంది?’ అని అడగండి. ‘ఏదో ప్లాస్టిక్ గొడవంట’ అని చెబితే మొదటి లైను తిరగరాయండి. ‘బియ్యం మామూలువే, కొత్త బియ్యం కాబట్టి ముద్ద ఎగిరిందంట’ అని చెబితే వాట్సాప్ గ్రూపులకు పంపండి.